సానరాయి మీద పట్టిన పదును మూడు రోజులు కూడా నిలవట్లేదు, సైకిల్ సాన వాళ్ళకే ఇవ్వాలా?

నెల్లూరు కోడలు: మామూలు స్టీల్ కత్తి, 1000 గ్రిట్ సానరాయి. పట్టిన రోజు కాగితం సర్రున తెగుతుంది, మూడో రోజుకి టమాటా తొక్క మీద జారిపోతుంది. మా ఆయన వీధిలో వచ్చే సాన అతనికి ఇచ్చేయమంటున్నారు. తప్పు కత్తిదా, రాయిదా, నాదా?

ఖమ్మం కుర్రాడు: కత్తిదే అక్కా. మన దగ్గర దొరికే చవక స్టీల్ మెత్తగా ఉంటుంది, ఎంత పట్టినా నిలవదు. జపాన్ రకం గట్టి స్టీల్ కత్తి ఒకటి కొంటే ఈ గొడవే ఉండదు.

సాన పిచ్చి: మెత్తటి స్టీల్ త్వరగా మొండిబారుతుందన్న మాట నిజమే తమ్ముడూ, కానీ ఇంటి వంటకి వారం పది రోజులైనా ఆగుతుంది. మొదటి రోజు కాగితం కోసి మూడో రోజుకి టమాటా కోయలేదంటే నాకు వచ్చే అనుమానం వేరే. కోడలు గారూ, రాయి మీద ఒక వైపు రుద్దుతుంటే అరిగిన లోహం సన్నటి రేకులా అవతలి వైపుకి తిరుగుతుంది, దాన్నే బర్ అంటారు. అది అంచు మీద నిలబడి ఉన్నంతసేపు కత్తి బ్రహ్మాండంగా కోస్తుంది, నాలుగు ఉల్లిపాయలు తరిగేసరికి పక్కకి వాలిపోతుంది. మీరు చూసిన పదును ఆ రేకుది, దాని కింద అసలు అంచు తయారు కాలేదేమో.

ఇలా చేసి చూడండి. అంచు రెండు వైపులా మార్కర్‌తో నల్లగా రంగు వేసి, రాయి మీద రెండు మూడు సార్లు లాగండి. రంగు అంచు చివరిదాకా పోతే కోణం సరిపోయినట్టు, పైన మాత్రమే పోయి చివర నలుపు మిగిలితే కత్తి వెన్ను ఇంకాస్త ఎత్తాలి. మన స్టీల్ కత్తులకి 20 డిగ్రీలు చాలు, అంటే 3 సెంటీమీటర్ల వెడల్పు కత్తికి వెన్ను రాయి నుంచి సుమారు 1 సెంటీమీటరు పైన ఉండాలి. పిడి దగ్గర నుంచి మొనదాకా అవతలి వైపు రేకు తగిలేవరకూ ఒకే వైపు రుద్దండి. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపుకి, బయటికి జరిపితే గరుగ్గా తెలుస్తుంది. అంచు పొడవునా మాత్రం వేలు ఎప్పుడూ పెట్టకండి. తర్వాత రెండో వైపు అంతే.

ఆ పైన చాలామంది వదిలేసే పని ఒకటుంది. చెయ్యి బరువు తీసేసి, కత్తి బరువుతోనే, అటు ఒకటి ఇటు ఒకటి చొప్పున పది పన్నెండు సార్లు, అంచు ముందుకి ఉండేలా తోయాలి. రేకు పోయిందో లేదో దూదితో తెలుస్తుంది. అంచు పక్కగా మెల్లగా లాగితే ఎక్కడ పోగు పట్టుకుంటుందో అక్కడ ఇంకా ఉన్నట్టు.

తెనాలి పిన్ని: మా అబ్బాయి అలాంటి గట్టి స్టీల్ కత్తే పంపాడు, దాంతో కొబ్బరి కొడితే అంచు రెండు చోట్ల చిట్లింది. మా కత్తిపీటకి యాభై ఏళ్ళు, చింతపండు తగిలి నల్లబడుతుంది గానీ చిట్లలేదు. దాన్ని కడిగి, తుడిచి, కొబ్బరి నూనె రాస్తాను. దీనికి కూడా రాయి పెట్టొచ్చా?

సాన పిచ్చి: పెట్టొచ్చు పిన్నిగారూ, కానీ పీట కదలదు కాబట్టి రాయినే చేత్తో అంచు మీద నడపాలి. గట్టి స్టీల్ పదును నిలుపుతుంది గానీ పెళుసు, కొబ్బరికీ ఎముకకీ వాడకూడదు. చిట్లిన చోటుకి 1000తో పట్టుకుంటే చాలా సేపు పడుతుంది, 400 లాంటి గరుకు రాయి కావాలి.

వరంగల్ వంటమాస్టర్: సాన అతన్ని తీసిపారేయకండి. మా హోటల్లో పన్నెండు కత్తులున్నాయి, రాయి పట్టుకుని కూర్చునే టైం మాకెక్కడిది? పదేళ్ళుగా ఆయనే పడుతున్నాడు.

సాన పిచ్చి: అన్నా, మీ పనికి అది సరే. నా బాధ పొడి చక్రం గురించి. నిప్పురవ్వలు రేగేలా నొక్కితే సన్నటి అంచు వేడెక్కి నీలి రంగుకి తిరుగుతుంది, అక్కడ స్టీల్ చేవ పోయినట్టే, మళ్ళీ అంతా అరగదీసేదాకా పదును నిలవదు.

వరంగల్ వంటమాస్టర్: మా ఆయన ప్రతి రెండు సార్లకీ నీళ్ళలో ముంచుతాడు, నీలం ఎప్పుడూ చూడలేదు. కత్తి సన్నబడుతుందన్న మాట మాత్రం నిజం, మూడేళ్ళకొకటి మార్చేస్తాం.

నెల్లూరు కోడలు: మార్కర్ వేసి చూశానండి, మొన దగ్గర రెండు అంగుళాలు చివరంతా నల్లగానే ఉంది! అక్కడ చెయ్యి ఎత్తి మళ్ళీ పట్టాను, దూది ఎక్కడా పట్టుకోలేదు. ఈరోజు ఐదో రోజు, టమాటా బాగానే తెగింది. ఇంకో సంగతి, కత్తి గరిటెలతో పాటు డ్రాయర్లో పడేస్తాను, దాని వల్ల కూడానా?

సాన పిచ్చి: అదీ ఉంది. తీసినప్పుడల్లా అంచు గరిటెలకి కొట్టుకుంటుంది, పైగా చూడకుండా చెయ్యి పెడితే కోసుకుంటారు. మందపాటి అట్టని మడిచి టేపు వేసి తొడుగులా చేయండి, మొన వైపు మూసేయండి. కత్తి పూర్తిగా ఆరాకే తొడగాలి, తడి ఉంటే మచ్చలు పడతాయి. గ్రానైట్ గట్టు మీద తరుగుతున్నారా?

నెల్లూరు కోడలు: అవునండి, చపాతీలకి తప్ప చెక్క తీయను.