టెన్షన్‌లో ఆకలి చంపేది అడ్రినలినా, కార్టిసాలా?

మధ్యాహ్నం_మబ్బు: భయమేసినా, బాగా నొప్పి పుట్టినా ఆకలి చచ్చిపోతుంది. స్ట్రెస్ హార్మోన్ల వల్లే అంటారు. కానీ కార్టిసాల్ ఆకలి పెంచుతుందని కూడా చదివాను. రెండూ ఎలా నిజమవుతాయి?

చక్రధారి22: చాలా సింపుల్. అడ్రినలిన్ కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. చక్కెర ఉంటే ఇక ఆకలెందుకు?

పాత_ల్యాబు: చక్కెర పెరగడం నిజమే, ఆకలి పోవడానికి మాత్రం అదొక్కటే కారణం కాదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు రక్తం నిండా చక్కెర ఉన్నా ఆకలి దంచేస్తుంది కదా.

అసలు పని మెదడులో మొదలవుతుంది. ప్రమాదం తెలియగానే హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. కార్టిసాల్‌ను పుట్టించే గొలుసులో ఇదే మొదటి మెట్టు, కానీ ఇది తానుగా ఆకలిని అణిచేస్తుంది. అదే సమయంలో నరాలు, అడ్రినలిన్ కలిసి పేగులకు వెళ్లే రక్తాన్ని కండరాలకు మళ్లిస్తాయి, పొట్ట కదలిక మందగిస్తుంది. వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిల్లుల పొట్టను ఎక్స్‌రేలో చూస్తుండగా, పిల్లి బెదిరిందంటే పొట్టలో అలలు ఆగిపోయేవి. శాంతిస్తే మళ్లీ మొదలయ్యేవి. 1915లో పుస్తకం కూడా రాశాడు.

ఇక కార్టిసాల్ నిదానం మనిషి. అడ్రినలిన్ సెకన్లలో వస్తే, ఇది పతాక స్థాయికి చేరడానికి 20–30 నిమిషాలు పడుతుంది. పరీక్షే చూడండి. హాల్లోకి వెళ్లే ముందు ముద్ద దిగదు. బయటికొచ్చాక సీఆర్‌హెచ్ తగ్గిపోతుంది, కార్టిసాల్ ఇంకా రక్తంలోనే ఉంటుంది. అప్పుడు ఏది కనబడితే అది తినాలనిపిస్తుంది. రెండూ నిజమే, వేళలు వేరు.

నిద్రలేని_రైలు: పొట్ట ఆగిపోతే పరీక్ష ముందు బాత్రూమ్‌కి పరుగెందుకు మరి?

పాత_ల్యాబు: మంచి ప్రశ్న. సీఆర్‌హెచ్ పొట్టను నెమ్మది చేస్తుంది, పెద్దపేగును మాత్రం తొందరపెడుతుంది. అందుకే రెండూ ఒకేసారి.

సుమ_వాళ్ళమ్మ: నాకు కిడ్నీలో రాయి కదిలినప్పుడు రెండు రోజులు ముద్ద ముట్టలేదు. నొప్పి తగ్గాక కూడా తినాలనిపించలేదు. అది కూడా హార్మోనేనా అండీ?

పాత_ల్యాబు: కొంతవరకే అండీ. ఆ నొప్పికి వాంతి వచ్చే నరాల దారి కూడా తోడవుతుంది. పైగా మార్ఫిన్ లాంటి మందు ఇచ్చి ఉంటే అదీ పొట్టను ఆపేస్తుంది. నొప్పి పోయినా రోజుల తరబడి ఆకలి రాకపోతే స్ట్రెస్ అని సరిపెట్టుకోకండి, చూపించుకోండి.

చక్రధారి22: చక్కెర ఒక్కటే కాదంటారు, సరే. కానీ మా తమ్ముడు ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే మామూలుకన్నా రెట్టింపు తింటాడు. భయం లేదనుకుంటే చేతులు వణుకుతుంటాయి. మీ సీఆర్‌హెచ్ అతన్ని ఎందుకు వదిలేసింది?

పాత_ల్యాబు: అందరిలో ఒకేలా ఉండదు. కొందరికి అదే టెన్షన్ తిండివైపు తోస్తుంది. తినడం వల్ల మనసు కుదుటపడుతుందన్న అలవాటు కొంత కారణం కావచ్చు. ఒక మనిషి ఎటు మొగ్గుతాడో ముందే చెప్పగలిగే పరీక్షేదీ నాకు కనబడలేదు.

నిద్రలేని_రైలు: అయితే సంబరంలో? ఫలితాల రోజు ఆనందంతో కూడా తిండి ఎక్కదు, అక్కడ భయమేం లేదుగా.