ప్రొఫెక్షన్స్‌లో 34 ఏళ్లు నిండితే 11వ ఇల్లే కదా? అధిపతి 6లో ఉంటే ఎలా చదవాలి?

గ్రీకు పద్ధతి ప్రొఫెక్షన్స్ చూస్తున్నాను. పుట్టినప్పుడు లగ్నం, ప్రతి పుట్టినరోజుకీ ఒక ఇల్లు ముందుకి, 12 నిండితే మళ్లీ లగ్నం. నాకు 34 నిండాయి, 12తో భాగిస్తే శేషం 10, అంటే 11వ ఇల్లు. కర్కాటక లగ్నం కాబట్టి అది వృషభం, ఈ ఏడాది అధిపతి శుక్రుడు. ఇంతవరకు ఓకే.

చిక్కల్లా శుక్రుడు 6లో, ధనుస్సులో ఉన్నాడు, వృషభానికి అది 8వది, దృష్టే లేదు. మరి స్నేహితులు, లాభాల సంగతి 6వ ఇంటి గొడవల్లోంచి వస్తుందనుకోవాలా, లేక అధిపతి తన ఇంటిని చూడట్లేదు కాబట్టి చేతికందదనుకోవాలా? శుక్రుడిదే అయిన తుల, అంటే నా 4వ ఇల్లు కూడా ఈ ఏడాది కదులుతుందా?

మన తాజికంలో ముంథా ఇలాగే నడుస్తుంది కానీ వర్షేశ్వరుణ్ణి అయిదుగురిలోంచి ఎంచుతారు, దాన్ని ఇందులో కలపకుండా చెప్పండి ప్లీజ్.