అప్‌డేట్: క్రికెట్ ఫైనల్ రిపోర్టు నుంచి హైలైట్స్ వ్యాఖ్యానం

నా ప్రశ్న: “అనంతపురంలో జరిగిన మా క్లబ్ ఫైనల్ రిపోర్టును హైలైట్స్ వ్యాఖ్యానంగా ఎలా మార్చాలి? రీప్లేలో ఏం చెప్పాలి?”

వీడియో పూర్తయింది. రిపోర్టు మొదటి వాక్యంలోనే ఫలితం ఉంది: “చివరి బంతికి రనౌట్ చేసి ఒక్క పరుగుతో గెలిచారు.” నా ప్రశ్నకు జవాబుల్లో మీరు చెప్పినట్టే దాన్ని చివరికి జరిపి, వర్తమానంలోకి మార్చి, ముక్కలు చేశాను:

“చివరి బంతి. గెలవాలంటే మూడు, సమం కావాలంటే రెండు. మిడ్‌వికెట్ వైపు కొట్టాడు... ఒకటి పూర్తి... రెండోదానికి పరుగు... విసిరాడు... అవుట్!”

ఆ తర్వాత నాలుగు సెకన్లు మాటల్లేవు, జనం అరుపులే. అక్కడ విశేషణాలు గుప్పిస్తే ఆ అరుపు వినబడదు.

రీప్లేలో గొంతు తగ్గించి, మొదటిసారి కన్ను పట్టుకోలేనిదే చెప్పాం: “బెయిల్స్ లేచినప్పుడు బ్యాటు చూడండి. గీత మీద ఉంది, దాటలేదు.” గీత మీదుంటే అవుటేనని చాలామందికి తెలియదు! ఉన్నది ఒకే కెమెరా కాబట్టి కోణం మారలేదు, వేగం మాత్రమే తగ్గించాం.

ఇక మొదటి ఓవర్ల ఫోర్లకు స్కోరు, ఒక క్రియతో సరిపెట్టాం. వ్యాఖ్యాత మిత్రుడు వాటికీ కేకలు పెట్టాలన్నాడు, ఒప్పుకోలేదు. అక్కడే గొంతు పతాకస్థాయికి చేరితే రనౌట్‌కు ఏం మిగులుతుంది?