అప్‌డేట్: ఏడాది చివర క్లియర్ కాని చెక్కుల సంగతి

ఒక కంపెనీ ఆడిట్ గురించి ఇంతకుముందు నేను అడిగింది: "బ్యాంక్ రీకన్సిలియేషన్ పైసాతో సహా సరిపోయింది. కానీ క్లియర్ కాని చెక్కులు చాలా ఉన్నాయి. ఇంకా తవ్వాలా?"

తవ్వాను. తర్వాతి నెల స్టేట్‌మెంట్ నేరుగా బ్యాంకు నుంచే తెప్పించాను. ఆఖరి రోజు తేదీతో, వరుస నంబర్లతో రాసిన, మొత్తం 20 లక్షల రూపాయల విలువైన చెక్కులన్నీ మూడో వారంలోనే క్లియరయ్యాయి. ఒకరిద్దరు సప్లయర్లు ఆలస్యం చేశారంటే నమ్మొచ్చు, అందరూ ఒకేసారా? డిస్పాచ్ రిజిస్టర్ చూస్తే, చెక్కులు బయటికి వెళ్లిందే రెండో వారం చివర.

ఏడాది చివరికే చెల్లించేసినట్టు ఎందుకు చూపారంటే, అసలు కరెంట్ ఆస్తులు 60 లక్షలు, కరెంట్ అప్పులు 40 లక్షలు, అంటే రేషియో 1.5. రెండింటిలోంచీ 20 లక్షలు తీసేస్తే 40కి 20, రేషియో 2! లోన్ షరతుకు కావలసిందీ అదే.

ఆ 20 లక్షలు బ్యాంకు బ్యాలెన్స్‌కీ, సప్లయర్ల బాకీకీ తిరిగి కలపమన్నాను. గడువు దాటిన పాత చెక్కు ఒకటి కూడా మళ్లీ బాకీలోకి వెళ్లింది. కంపెనీ బ్యాంకు ఖాతాల మధ్య బదిలీలు కూడా చూశాను, తేడా ఏమీ దొరకలేదు.