30 గ్రాముల ప్రొటీన్‌కి ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయి: గుడ్డు, పనీర్, టోఫు, చికెన్ బ్రెస్ట్

శ్రావణి_88: రోజుకి 1500 క్యాలరీలు దాటకూడదు, పూటకి 30 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఈ నాలుగింట్లో ఏది తక్కువలో తేలుతుంది?

తూనిక: తోలు తీసిన చికెన్ బ్రెస్ట్. పచ్చిది 135 గ్రాములు తీసుకుంటే సుమారు 160 క్యాలరీలు. గట్టి టోఫుతో 280 దాకా అవుతాయి. పెద్ద గుడ్లు ఐదు కావాలి, అంటే 360. మామూలు పనీర్‌తో 500 దగ్గరకి పోతుంది.

మధు_ఫిట్: పనీర్‌ని అలా తీసిపారేయకండి. 100 గ్రాముల పనీర్‌లో 18 గ్రాములుంటే గుడ్డులో 13 కూడా లేవు.

తూనిక: మధు గారూ, ఆవిడ అడిగింది బరువు లెక్క కాదు, క్యాలరీ లెక్క. ఆ 18తో పాటు కొవ్వు కూడా వచ్చి 300 క్యాలరీలవుతాయి. అవే 300 క్యాలరీలకి గుడ్లు తింటే 26 గ్రాములొస్తాయి.

కండబలం: చికెన్‌లో 100కి 31 గ్రాములు. 135 ఎందుకండీ, 97 చాలు. పదేళ్లుగా డైట్ ప్లాన్లు రాస్తున్నా.

తూనిక: 31 అనేది వండినదానికి. పచ్చిదానికి 22 చిల్లర. పచ్చిది 200 గ్రాములు తూచి యాప్‌లో వండినది నొక్కితే 62 గ్రాములు చూపిస్తుంది, ఒంటికి పట్టేది 45. మీ ప్లాన్లలో ఏ తూకమో రాస్తున్నారా?

కండబలం: ఎవరూ పచ్చిది తినరు! వండాకే తూచాలి.

తూనిక: మంట మీద ఎంతసేపు ఉంటే అంత నీరు పోతుంది. అదే ముక్క ఒకరోజు 105 తూగుతుంది, ఇంకోరోజు 92. ప్రొటీన్ మాత్రం మారదు.

కండబలం: నలుగురికి ఒకే గిన్నెలో వండితే పచ్చి తూకం ఎలా పంచుతారు? చెప్పండి.

తూనిక: పచ్చి 600, వండాక ముక్కలు 420 అనుకోండి. మీ కంచంలో 105 పడితే అది పావు వంతు, అంటే పచ్చి 150.

కండబలం: పులుసులో ఉడికితే? ముక్క పీల్చుకున్నదెంత, పులుసులోకి దిగిందెంత?

లత_వంట: మీ తూకాల గొడవలో నూనె మర్చిపోయారు. ఒక టేబుల్ స్పూన్ 120 క్యాలరీలు. 160 ఉన్న చికెన్ అక్కడే 280 అయింది, టోఫుకీ దానికీ తేడా లేకుండా పోయింది. నూనె సీసా వంచి పోయకండి, చెంచాతో కొలవండి.

శ్రావణి_88: నేను చికెన్ తిననండీ, అది చెప్పడం మర్చిపోయా.

లత_వంట: అయితే రెండు పూర్తి గుడ్లు, ఐదు తెల్లసొనలు. 230 క్యాలరీల్లో 30 గ్రాములు వచ్చేస్తాయి. తెల్లసొన ఒక్కోటి 17 క్యాలరీలే, అందులో మూడున్నర గ్రాముల ప్రొటీన్. టోఫు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రొటీన్‌ని నాలుగుతో గుణించి క్యాలరీలతో భాగించండి. 0.4 దాటితే తీసుకోండి.

మధు_ఫిట్: అదే లెక్క వెన్న తీసిన పాల పనీర్‌కి వేసి చూడండి, అప్పుడు మాట్లాడండి.

కండబలం: పులుసు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.