బండల మందం ఎస్‌డీకి 30 కొలతలు సరిపోతాయా?

కడపబండ: మాది కడప దగ్గర బండల పాలిష్ యూనిట్. 30 బండలు కొలిస్తే మందం ఎస్‌డీ, అంటే సగటు నుంచి కొలతలు ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్, 2 మి.మీ. వచ్చింది. అసలు ఎస్‌డీ 10 శాతం తేడాలోపు తెలియాలంటే ఎన్ని కొలవాలి? 95 శాతం నమ్మకం కావాలి.

సీమ_ఇంజనీర్: z, సిగ్మా, తేడా వేసి వర్గం చేయండి. 1.96 × 2 / 0.2 వర్గం అంటే 384. అంతే.

అనంత_లెక్చరర్: అది సగటుకు వాడే సూత్రం. ఎస్‌డీకి సుమారుగా అందులో సగం, అంటే 192 చాలు. 5 శాతం తేడా కావాలంటే నాలుగింతలై 768 దాకా పోతుంది.

సీమ_ఇంజనీర్: ఎక్కువ కొలిస్తే నష్టమేంటి సార్? 30 దాటితే అన్నీ నార్మలే కదా.

కర్నూలు_రఫీ: ఎన్ని కొలవాలన్నది పక్కన పెట్టండి. పోయిన నెల ఒక కాంట్రాక్టర్ 10 బండలు కొలిచి, ఎస్‌డీ 2 వచ్చింది, 1.5 దాటకూడదని లోడు మొత్తం తిప్పి పంపాడు. రెండు వైపులా లారీ బాడుగ నేనే కట్టినా.

అనంత_లెక్చరర్: రఫీ గారూ, 10 బండలకు కై-స్క్వేర్ విలువలు 19.023, 2.700. ఎస్‌డీ వర్గాన్ని 10లో ఒకటి తీసేసి 9తో గుణిస్తే 36. దాన్ని ఒక్కోదానితో భాగించి వర్గమూలం తీస్తే అసలు ఎస్‌డీకి 95 శాతం నమ్మకంతో ఇంటర్వల్ 1.38 నుంచి 3.65 దాకా వస్తుంది. 1.5 అందులోనే ఉంది. మీ సరుకు చెడ్డదని ఆ 10 బండలు తేల్చలేదు.

కర్నూలు_రఫీ: అంటే నా లోడు మంచిదే!

అనంత_లెక్చరర్: అలా కూడా తేలలేదు. అసలు ఎస్‌డీ 3 కూడా కావచ్చు.

సీమ_ఇంజనీర్: కొనేవాడు ఆ అనుమానాన్ని ఎందుకు మోయాలి? నేను సైట్లో పరిచేవాణ్ని. బండ ఎత్తుపల్లాలుగా ఉంటే ఇంటివాళ్లు నన్నే తిడతారు. తనది మంచి సరుకని అమ్మేవాడే నిరూపించుకోవాలి.

కర్నూలు_రఫీ: తిప్పి పంపేవాడే నిరూపించాలి అన్నా. బాడుగ ఊరికే వస్తుందా?

అనంత_లెక్చరర్: మీ గొడవ లెక్క గురించి కాదు. ఎవరు నిరూపించాలో ఆర్డర్ ఇచ్చేటప్పుడే రాసుకోవాలి. ఇంజనీర్ గారూ, "30 దాటితే నార్మల్" అన్నది నమూనా సగటుకు చెప్పే మాట. ఎస్‌డీ ఇంటర్వల్‌కు బండల మందమే నార్మల్‌గా ఉండాలి, ఎన్ని కొలిచినా ఆ షరతు పోదు. ఒకటీ అరా బండ బాగా మందంగా వస్తుంటే ఇంటర్వల్ ఉండాల్సినదానికంటే ఇరుకుగా కనిపిస్తుంది. అలాంటి దూరపు విలువలు ఎంత బలంగా ఉన్నాయో చెప్పే కుర్టోసిస్ నార్మల్‌కు ఉండే 3 బదులు 6 ఉంటే 192 కాస్తా 480 అవుతుంది. ముందు హిస్టోగ్రామ్ గీసి చూడండి.

కడపబండ: గీసినా సార్. రెండు మిట్టలు కనిపిస్తున్నాయి. మాకు కోత మెషిన్లు రెండు.

అనంత_లెక్చరర్: అయితే 192 లెక్క ఆపండి. ఏ బండ ఏ మెషిన్‌దో గుర్తు పెట్టి, దేనికది విడిగా కొలవండి. రెండూ కలిపిన ఎస్‌డీలో మెషిన్ల సెట్టింగ్ తేడా కూడా కలిసిపోయింది.

సీమ_ఇంజనీర్: నా సైట్‌కు వచ్చేది రెండు మెషిన్ల సరుకూ కలిసే కదా. నాకు కలిపిన ఎస్‌డీయే కావాలి.