‘ప్రామాణిక దోషం’, ‘డెల్టా పద్ధతి’: చదివేవాళ్లకు అర్థమయ్యేలా ఎలా రాయాలి?

పాఠం రాస్తున్నావిడ: డిగ్రీ పిల్లల కోసం ఒక ఎకనామెట్రిక్స్ పాఠాన్ని తెలుగులో రాస్తున్నాను. అందులో మిరప సాగు మీద ఒక అభ్యాసం ఉంది. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. కిందటేడు ధర ఒక శాతం పెరిగితే ఈ ఏడు విస్తీర్ణం 0.10 శాతం పెరుగుతుంది. కానీ రైతు ఒక్క ఏడాదిలోనే పూర్తిగా మారిపోడు, కిందటేటి విస్తీర్ణం ఈ ఏటి మీద 0.80 మేరకు పనిచేస్తుంది. అంచేత ఆ ధర అలాగే నిలబడితే చివరికి వచ్చే మార్పు 0.10/(1 − 0.80), అంటే 0.50 శాతం. దీన్నే దీర్ఘకాల వ్యాకోచత్వం అంటాం. నేను రాసిన వాక్యం ఇది: “దీర్ఘకాల వ్యాకోచత్వం 0.50, డెల్టా పద్ధతిలో దాని ప్రామాణిక దోషం 0.23.”

ప్రూఫ్ చూసిన పెద్దాయన పక్కన పెన్సిల్‌తో రాశారు: “దోషం ఉందని తెలిశాక సరిదిద్ది అచ్చు వేయవచ్చు కదా?” ఇక్కడ దోషమంటే తప్పు కాదు, అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత. ఆయన బాగా చదువుకున్న మనిషి. ఆయనకే అలా అనిపిస్తే పిల్లల సంగతేమిటి? మాట మార్చాలా, వాక్యం మార్చాలా?

తెనాలి నుంచి, వ్యవసాయ శాఖలో పనిచేసిన ఆయన: అమ్మా, డెల్టా పద్ధతి అంటే మా కృష్ణా డెల్టాలో కాలువ కింద వరి వేసే తీరు అనుకుంటారు. మిరప ఎక్కువగా మెట్టలో వేస్తారు. దాన్ని డెల్టా లెక్కలో చూపితే తప్పు కాదా?

వాల్తేరు మాస్టారు (గణాంకశాస్త్రం చెబుతారు): అయ్యా, మీ డెల్టా, ఈ డెల్టా ఒకే అక్షరం నుంచి వచ్చాయి. గ్రీకులో Δ మూడు మూలల అక్షరం. నైలు నది ముఖద్వారం ఆ ఆకారంలో ఉందని దానికా పేరు వచ్చింది. గణితంలో అదే గుర్తును చిన్న మార్పుకు వాడతారు. ఇక్కడున్నది ఆ చిన్న మార్పే.

హైదరాబాద్ నుంచి, బ్యాంకులో అనలిస్ట్: ఇందులో పెద్ద చర్చ అక్కర్లేదనుకుంటాను. 0.10కి ప్రామాణిక దోషం ఎంతో దాన్ని కూడా అదే 0.20తో భాగిస్తే సరి. మేం ఎప్పుడూ అలాగే చేస్తాం. అది 0.04 అయితే జవాబు 0.20 రావాలి, 0.23 ఎలా వచ్చింది?

పాఠం రాస్తున్నావిడ: అవునండీ, ధర గుణకం దోషం 0.04. రెండో గుణకానిది 0.10. రెండూ కలిసి ఎలా మారతాయో చెప్పే సహవిస్తృతి −0.002 అని వేసుకున్నాను.

వాల్తేరు మాస్టారు: అనలిస్ట్ గారు సగం సరిగ్గానే చెప్పారు. కింద ఉన్న సంఖ్య ఖచ్చితంగా తెలిసినదైతే అలాగే భాగించాలి. కానీ 0.80 కూడా అదే డేటా నుంచి వచ్చిన అంచనా, అదీ ఊగుతుంది. 0.80 బదులు 0.81 పెట్టి చూడండి. 0.10/0.19, అంటే 0.526. కొంచెం కదిపితే జవాబు దానికి రెండున్నర రెట్లు కదిలింది. 0.10ని కదిపితే జవాబు ఐదు రెట్లు కదులుతుంది. ఆ 5, ఆ 2.5, ఈ రెండే వాలులు. డెల్టా పద్ధతి చేసే పనల్లా, వంపు గీతను మనం నిలబడ్డ చోట తిన్నని గీతగా అనుకుని, ఒక్కో గుణకం ఊగును దాని వాలుతో హెచ్చించి కలపడం.

వర్గాల్లో కలపాలి. 25 × 0.0016, అది 0.04. 6.25 × 0.01, అది 0.0625. ఇంతటితో ఆపితే 0.1025, దాని వర్గమూలం 0.32. కానీ ఈ రెండు గుణకాలూ ఎదురెదురుగా ఊగుతున్నాయి. ఒకటి ఎక్కువ పడినప్పుడు రెండోది తక్కువ పడుతోంది, జవాబులో ఒకదాని పొరపాటును మరొకటి కొంత తినేస్తోంది. ఆ సహవిస్తృతి వాటా 2 × 5 × 2.5 × (−0.002), అంటే −0.05. మిగిలింది 0.0525, వర్గమూలం 0.23. చాలామంది రిపోర్టుల్లో గుణకాల పక్కన దోషాలు మాత్రమే అచ్చు వేసి సహవిస్తృతి వదిలేస్తారు. అప్పుడు చదివేవాడికి ఈ లెక్క చేసే దారే ఉండదు. అది నాకు నిజంగా బాధ కలిగించే అలవాటు.

స్టాటా సాఫ్ట్‌వేర్‌లో అయితే, ఏడాది ఏదో ముందు tssetతో చెప్పాక, రెండు లైన్లే, సహవిస్తృతిని అదే చూసుకుంటుంది. lna అంటే విస్తీర్ణం లాగ్, lnp అంటే ధర లాగ్, L. అంటే కిందటేటిది:

```
regress lna L.lnp L.lna
nlcom _b[L.lnp]/(1-_b[L.lna])
```

హైదరాబాద్ అనలిస్ట్: ఒప్పుకుంటున్నాను మాస్టారూ. ఇన్నాళ్లూ నేను కిందిదాన్ని స్థిరంగా పట్టుకున్నాను.

కరీంనగర్ తెలుగు పండితులు: ఇప్పుడు మాట సంగతికి వద్దాం. ‘దోషం’ అంటే మనకు జాతకదోషం, వ్యాకరణదోషం. ఎవరో చేసిన తప్పు, లేదా తగిలిన చెడు. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. మాస్టారు తెలియకుండానే మంచి మాట వాడారు, ‘ఊగు’. ‘ప్రామాణిక ఊగు’ అనరాదా? ‘డెల్టా పద్ధతి’ని ‘వాలు పద్ధతి’ అంటే పేరులోనే పని కనబడుతుంది.

వాల్తేరు మాస్టారు: ‘వాలు’ నచ్చింది. కానీ పిల్లవాడు రేపు సాఫ్ట్‌వేర్‌లో వెతికితే ‘డెల్టా’ అనే కనబడుతుంది. పేరు డెల్టాగానే ఉంచి వివరణలో వాలు అని చెబుదాం. ‘దోషం’ మాత్రం పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. దాన్ని పీకడం మన ఒక్క గ్రూపు వల్ల కాదు.

ఇంకో సంగతి ఉంది, నాకు మాటకన్నా అదే ముఖ్యం. తిన్నని గీత దగ్గర్లోనే నమ్మకం. 0.80కి దోషం 0.10 కదా, ఆ ఒక్క అడుగు వేసి 0.90 పెట్టండి. జవాబు 1.00. గీత చెప్పేది 0.75. మరో అర అడుగు, 0.95 పెడితే ఏకంగా 2.00. గీత చెప్పేది 0.875. కింది సంఖ్య సున్నాకు దగ్గరయ్యేకొద్దీ వంపు నిట్టనిలువుగా లేస్తుంది. అందుకే డెల్టా పద్ధతి ఇచ్చే 95 శాతం విశ్వాస అవధి 0.05 నుంచి 0.95 దాకా అని ముచ్చటగా కనబడుతుంది కానీ, నిష్పత్తులకు ఉన్న ఫీలర్ పద్ధతితో ఇవే అంకెలు వేస్తే 0.16 నుంచి 15.4 దాకా వస్తుంది. పై కొస దాదాపు తెలియదన్నట్టే.

పాఠం రాస్తున్నావిడ: 15.4! రెండుసార్లు వేసి చూశాను, నిజమే. అయితే అభ్యాసంలో 0.23 అని జవాబు ఇవ్వడమే తప్పంటారా?

వాల్తేరు మాస్టారు: తప్పనను. కింది సంఖ్య 0.20, దాని దోషం 0.10. సున్నా రెండడుగుల దూరంలోనే ఉంది. అదే నాలుగైదు అడుగుల దూరంలో ఉంటే రెండు పద్ధతులూ చాలా దగ్గరకొస్తాయి. ముందు ఆ దూరం చూసుకోమని పాఠంలో ఒక వాక్యం రాయండి.

తెనాలి ఆయన: నాకూ ఒకటుంది. రిటైరయ్యాక 18 ఏళ్ల మా మండలం పత్తి లెక్కలు మనవడి చేత ఇలాగే వేయించాను. రెండో గుణకం 0.93 వచ్చింది, దాని దోషం 0.15. దీర్ఘకాలం సంఖ్య చాలా పెద్దగా వస్తే సంబరపడ్డాం.

వాల్తేరు మాస్టారు: సున్నా మీకు అర అడుగు దూరంలో కూడా లేదండీ. ఆ డేటాతో దీర్ఘకాలం సంఖ్య చెప్పకండి, ఒక్క ఏడాది ప్రభావం వరకు చెప్పండి.

తెనాలి ఆయన: వాడు పోస్టర్ మీద వేసేశాడు. ఈ రాత్రే ఫోన్ చేస్తాను.

పాఠం రాస్తున్నావిడ: ప్రస్తుతానికి ఇలా మార్చాను: “దీర్ఘకాల వ్యాకోచత్వం అంచనా 0.50. మరో నమూనా తీసుకుంటే ఈ అంచనా ఎంత అటూఇటూ ఊగవచ్చో చెప్పే ప్రామాణిక దోషం, డెల్టా పద్ధతిలో, సుమారు 0.23.” ప్రూఫ్ పెద్దాయనకు పంపాను. ‘ఊగవచ్చో’ దగ్గర ఆయన పెన్సిల్ ఆగలేదు. ‘దోషం’ కింద మాత్రం మళ్లీ గీత గీశారు.

కరీంనగర్ పండితులు: నేనైనా గీసేవాణ్ణే తల్లీ.